నెల రోజుల చిట్కాలు జవాబు పత్రాల్లోంచే రావాలి

ప్రిపరేటరీ పరీక్షలు ముగిసే వేళకు మా తెలుగు మాధ్యమం బడుల్లో ఏటా ఒక మాట వస్తుంది. 'సార్, రోజుకో నిమిషం వీడియో చేసి పెట్టండి, పిల్లలు ఫోనులో ఎలాగూ చూస్తున్నారు కదా' అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగడంలో న్యాయముంది. బీదర్‌లో పదో తరగతి చదివే తెలుగు పిల్లవాడు పరీక్ష చిట్కా కోసం వెతికితే తెలుగులో దొరికేవి దాదాపు అన్నీ సరిహద్దుకు అవతలి రాష్ట్రాల పరీక్షకు చేసినవే. అక్కడ భౌతిక రసాయన శాస్త్రాలకు ఒక పేపరు, జీవశాస్త్రానికి మరో పేపరు. మన ఎస్‌ఎస్‌ఎల్‌సీలో విజ్ఞానశాస్త్రమంతా మూడు భాగాలుగా ఒకే 80 మార్కుల పేపరులో వస్తుంది. మన పరీక్షకు చేసిన వీడియోలేమో కన్నడంలోనో ఇంగ్లిషులోనో ఉంటాయి. మన పిల్లలకు మన భాషలో మన పేపరు గురించి చెప్పే పని మన ఉపాధ్యాయులు చేయకపోతే ఇంకెవరూ చేయరు.

అయితే ఆ పని ఎలా చేయాలన్న దగ్గరే మేము మొదట తప్పు చేశాం. పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని, పాఠానికో చిట్కా చొప్పున రోజూ సాయంత్రం బడి వదిలాక రికార్డు చేయడం మొదలుపెట్టాం. తొమ్మిదో రోజున ఆగిపోయాం. ఒక రోజు కరెంటు పోయింది, ఒక రోజు గొంతు పోయింది, ఇంకో రోజు చెప్పడానికి ఏమీ తోచలేదు. ఆగిపోవడంకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. మేము చెప్పిన చిట్కాల్లో సగం పిల్లలకు ముందే తెలిసినవి. వాళ్ళు మార్కులు పోగొట్టుకుంటున్న చోటు వేరు, మేము మాట్లాడుతున్న చోటు వేరు.

2025లో మొదటి పరీక్ష మార్చి 21న మొదలైంది. ఆ ఏడు మేము పని తిరగేసి చేశాం. కెమెరా పట్టుకోకముందు ప్రిపరేటరీ జవాబు పత్రాల కట్ట విప్పి, మార్కు పోయిన ప్రతిచోటా ఎందుకు పోయిందో ఒక నోటుబుక్కులో గీతలు గీసి లెక్కపెట్టాం. పాఠం రాక పోయిందా, పాఠం వచ్చి కూడా పోయిందా అని రెండు వరుసలు పెట్టాం. మొదటి వరుసలో ఉన్నవాటిని వీడియోల జాబితాలోంచి తీసేశాం. పాఠం రానివాడికి నిమిషంలో పాఠం రాదు, వాడికి తరగతి గదే కావాలి. రెండో వరుసలో ఉన్నవాటినే చిట్కాకు పనికొచ్చేవిగా తీసుకున్నాం. ఒక తప్పుకు ఒక వీడియో, అంతే.

గణితం సంగతి చూడండి. కొన్నేళ్ళుగా వస్తున్న తీరు ప్రకారం 80 మార్కుల పేపరులో 38 ప్రశ్నలు. అందులో ఒక మార్కువి 16, రెండు మార్కులవి 8, మూడు మార్కులవి 9. ఇవి కలిపితే 59 మార్కులు. మిగిలిన 21 మార్కులే నాలుగు, ఐదు మార్కుల ప్రశ్నలవి. సిద్ధాంతం నిరూపించడం నిమిషంలో చెప్పగలిగేది కాదు, దాని జోలికి పోవద్దు. రెండు మూడు మార్కుల లెక్కలో ఒక గుర్తు దగ్గర జారే పిల్లవాణ్ణి మాత్రం నిమిషంలో నిలబెట్టవచ్చు.

మా పత్రాల్లో ఎక్కువ గీతలు పడిన తప్పు ఇది. 2x² − 5x + 3 = 0 అనే వర్గ సమీకరణాన్ని సూత్రంతో సాధించాలి. సూత్రం అందరికీ నోటికి వచ్చు. a = 2, b = −5, c = 3 అని సరిగ్గానే రాస్తారు. b² − 4ac విలువ 25 − 24 = 1 అనీ తెస్తారు. ఆ తర్వాత సూత్రంలో −b ఉన్నచోట −5 వేసేస్తారు. b లోనే మైనస్ ఉంది కాబట్టి అక్కడ +5 రావాలన్నది చేతి వేగంలో మరచిపోతారు. జవాబు −1, −3/2 అని వస్తుంది. అసలు జవాబు 1, 3/2.

ఈ ఒక్క తప్పుకు మేము చేసిన వీడియో 50 సెకన్లు. మొదటి ఐదు సెకన్లలో పలకరింపు లేదు, బడి పేరు లేదు. తప్పుగా రాసిన వరుసను చూపించి 'ఇందులో తప్పెక్కడుంది?' అని అడిగాం. తర్వాత పాతిక సెకన్లలో −(−5) అని బ్రాకెట్టు పెట్టి రాసి చూపించాం. b విలువకు మైనస్ ఉంటే బ్రాకెట్టు తప్పనిసరి, చిట్కా అంతే. ఇంకో పదిహేను సెకన్లు సరిచూసుకోవడానికి. x బదులు −1 వేస్తే 2 + 5 + 3 = 10 వస్తుంది, సున్నా కాదు, కాబట్టి తప్పు. 1 వేస్తే 2 − 5 + 3 = 0, కాబట్టి ఒప్పు. చివరి ఐదు సెకన్లలో 3x² − 7x + 2 = 0 ఇచ్చి, జవాబు చెప్పకుండా ముగించాం.

యూట్యూబ్‌లో షార్ట్ నిడివిని 2024 అక్టోబరులో మూడు నిమిషాల దాకా పెంచారు. అంత చోటు ఉంది కదా అని వాడుకోవద్దని మా మాట. రాస్తూ చెప్పేటప్పుడు నిమిషానికి డెబ్బై ఎనభై మాటలకు మించి మాకు పట్టలేదు. మాటలు ముందే కాగితం మీద రాసుకుని లెక్కపెడితే, ఎక్కువైనవి రికార్డు చేయకముందే తెలిసిపోతాయి. వీడియోలో రెండో విషయం దూరిందంటే దాన్ని మరో రోజుకు మార్చాలి.

ఇక ముప్పై రోజుల పంపకం. పరీక్షకు రెండు రోజుల ముందు కొత్త మాట ఏదీ పిల్లల చెవిన వేయకూడదు కాబట్టి, ఫిబ్రవరి 17 నుంచి మార్చి 18 దాకా లెక్కవేసుకున్నాం. సరిగ్గా 30 రోజులు. గీతల లెక్క ప్రకారం గణితానికి 9, విజ్ఞానానికి 6, కన్నడానికి 5, ఇంగ్లిషుకు 3, సాంఘికానికి 3, పరీక్ష గదిలో సమయం గురించి 2 వచ్చాయి. మిగిలిన రెండు రోజులు ఖాళీగా ఉంచాం. ఆ ఖాళీలు బద్ధకం కాదు. ఒక వీడియో పిల్లలకు అర్థం కాకపోతే మళ్ళీ చేయడానికి చోటు కావాలి. తెలుగుకు ఒక్కటీ లేదేమని ఒక తండ్రి నొచ్చుకున్నారు. తెలుగులో పిల్లలకు మార్కులు పోవడం లేదు, అందుకే లేదు.

గణితం తొమ్మిదింటిలో మూడు కొత్తవి కావు. బ్రాకెట్టు చిట్కా మూడో రోజున చెప్పి, పదో రోజున, ఇరవై నాలుగో రోజున వేరే సమీకరణంతో మళ్ళీ అడిగాం. ఒకసారి చెప్పింది వారానికి సగం మరచిపోతారు. మరచిపోతున్న వేళకు అడిగితే నిలుస్తుంది. ముప్పై రోజులూ ముప్పై కొత్త చిట్కాలు చెప్పాలన్న పంతం పిల్లలకు మేలు చేయదు.

కన్నడం విషయంలో మన పిల్లల ఇబ్బంది మనకే తెలుస్తుంది. రెండు లిపులు దగ్గరగా ఉండటం వల్ల, తొందరలో కన్నడ అక్షరానికి తెలుగు తలకట్టు పెట్టేస్తారు. ఒక వీడియో దానికే కేటాయించాం. మరొకటి మాటలకు. మన పులి అక్కడ హులి, మన పాలు అక్కడ హాలు, మన పాము అక్కడ హావు. మాట మొదట్లో ప ఉన్నచోట హ వేసి చూడమంటే తెలియని పాఠంలో కొన్ని మాటలు అర్థమవుతాయి. అయితే ఇది చదివి అర్థం చేసుకోవడానికే. జవాబు రాయడానికి వాడితే లేని మాటలు పుడతాయి. మన పని అక్కడ హని కాదు, కెలస. ఆ హెచ్చరిక కూడా అదే వీడియోలో చెప్పాలి.

రికార్డింగు రోజూ పెట్టుకోవద్దు. నాలుగు ఆదివారాలు, పూటకు ఏడేసి వీడియోలు చేస్తే 28 అవుతాయి. కిటికీ పక్కన బల్ల, ఫ్యాను ఆపేసి, తెల్ల కాగితం మీద లావు స్కెచ్ పెన్ను, పైనుంచి నిలువుగా పట్టిన ఫోను చాలు. ఉపాధ్యాయుడి ముఖం అక్కర్లేదు. కాగితం కింది భాగంలో, కుడి అంచున రాయకూడదు, అక్కడ యూట్యూబ్ పేరూ బొత్తాములూ వచ్చి కప్పేస్తాయి. నాలుగు వరుసలు మించితే చిన్న ఫోనులో కనబడవు. పిల్లవాడి అసలు జవాబు పత్రాన్ని చూపించవద్దు. పేరు కప్పినా చేతిరాతను బట్టి తరగతిలో అందరూ గుర్తుపడతారు. తప్పును మన చేత్తో తిరిగి రాయాలి.

ఎక్కించేముందు మరో ఉపాధ్యాయుడు చూడటం తప్పనిసరి. ఒకసారి పెట్టిన వీడియోలో తప్పు అంకెను తీసి అదే చోట కొత్తది పెట్టడం కుదరదు. మొత్తం తొలగించి మళ్ళీ ఎక్కించాలి, ఈలోగా పాతది వాట్సాప్ గుంపుల్లో తిరుగుతూనే ఉంటుంది. ఆదివారం ఎక్కించి రోజుకొకటి చొప్పున సాయంత్రం ఏడున్నరకు షెడ్యూల్ చేశాం. మా పిల్లల ఇళ్ళలో ఫోను తండ్రితోపాటే ఇంటికి వస్తుంది, అది ఆ వేళకే. ఫోను లేని ఇళ్ళ పిల్లల కోసం మర్నాడు ప్రార్థన అయ్యాక అదే చిట్కాను బోర్డు మూలన రాశాం.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? వీక్షణల అంకె చూసి కాదు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైన ప్రతిసారీ, మళ్ళీ తిరిగిన ప్రతిసారీ యూట్యూబ్ ఒక వీక్షణగా లెక్కిస్తోంది. వేలు జార్చి దాటేసినా లెక్కే. మేము మర్నాడు తరగతిలో చిన్న చీటీ ఇచ్చి, చివర వదిలేసిన లెక్క చేయమన్నాం. 3x² − 7x + 2 = 0 కు 2, 1/3 రావాలి. మొదటి చీటీలో కొందరు బ్రాకెట్టు పెట్టి, దాన్ని విప్పేటప్పుడు మళ్ళీ మైనస్ రాశారు. వాళ్ళది అర్థం కాకపోవడం కాదు, మేము విప్పే వరుసను చూపించకుండా దాటేశాం. ఖాళీ రోజుల్లో ఒకటి దానికే వాడాం.

ఒక మాట గట్టిగా చెప్పాలి. 'ఈ ప్రశ్న తప్పక వస్తుంది' అనే వీడియో మన బడి పేరు మీద ఒక్కటీ రాకూడదు. రాకపోతే పోయేది మన మీద పిల్లలకున్న నమ్మకం, అది మిగిలిన చిట్కాలను కూడా ముంచుతుంది.

ఈ పనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, సమయం కావాలి. యాజమాన్యాలు జనవరి చివరి నుంచి మార్చి దాకా ఆ ఉపాధ్యాయుడికి వారానికి రెండు పీరియడ్లు తగ్గించాలి. సెలవు రోజున చేసిన పనికి బదులు అదే. తల్లిదండ్రులు ఏడున్నరకు ఐదు నిమిషాలు ఫోను ఇచ్చి, చివరి లెక్క కాగితం మీద చేశాకే తిరిగి తీసుకోవాలి. ఉపాధ్యాయులు ఈసారి ప్రిపరేటరీ పత్రాలు మార్కులు వేసి కట్టకట్టేయకుండా, గీతల నోటుబుక్కు ఒకటి పక్కన పెట్టుకుని దిద్దాలి. నెల రోజుల ప్రణాళిక ఆ నోటుబుక్కులోనే ఉంటుంది.