రెండు ఆప్షన్లూ ఒకేలా ఉన్నాయా? తేడా పట్టుకోండి!

ఎస్‌ఎస్‌సీ, బ్యాంకు పరీక్షల ఇంగ్లిష్ విభాగంలో సిననిమ్స్ ప్రశ్న వచ్చినప్పుడు నాలుగు ఆప్షన్లలో రెండింటిని తీసేయడం చాలామందికి కష్టం కాదు. చిక్కంతా మిగిలిన రెండింటి దగ్గరే. ‘ఇచ్చిన పదానికి ఏది దగ్గరగా ఉంది?’ అని పదే పదే ఆలోచిస్తారు. రెండూ దగ్గరగానే కనిపిస్తాయి. టైమ్ మాత్రం పోతుంది. అక్కడ వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: ‘ఈ రెండింటికీ తేడా ఏంటి?’ అది తెలిస్తే, ఆ తేడాను తేల్చే మాట కోసం వాక్యంలో వెతకొచ్చు.

మెచ్చుకోలా, నిందా?

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రశ్నలోని ఇంగ్లిష్ వాక్యం అర్థం ఇది: ‘రవి ఫ్రూగల్‌గా ఉండబట్టే ఇద్దరు తమ్ముళ్లను చదివించగలిగాడు. ఇంట్లో అందరూ అతన్ని మెచ్చుకుంటారు.’ ఆప్షన్లు: స్టింజీ, థ్రిఫ్టీ, జెనరస్, పూర్. దానగుణాన్ని చెప్పే జెనరస్, పేదరికాన్ని చెప్పే పూర్ వెంటనే పోతాయి. స్టింజీ, థ్రిఫ్టీ రెండూ డబ్బు తక్కువ ఖర్చు పెట్టేవారి గురించే చెబుతాయి. తేడా ఏంటంటే, స్టింజీ అంటే పిసినారి, థ్రిఫ్టీ అంటే పొదుపరి. ఒకటి నింద, ఇంకొకటి మెచ్చుకోలు. ఇప్పుడు వాక్యంలోకి వెళ్లండి. ‘మెచ్చుకుంటారు’ అన్న మాట విషయం తేల్చేసింది. పైగా పిసినారి తమ్ముళ్ల చదువుకు ఖర్చు పెట్టడు కదా! సమాధానం థ్రిఫ్టీ.

ఎంత తీవ్రత?

కొన్నిసార్లు రెండు పదాల భావం ఒకటే అయినా మోతాదు వేరుగా ఉంటుంది. ఐరేట్ అన్న పదానికి అనాయ్డ్, ఎన్‌రేజ్డ్ మిగిలాయనుకోండి. మొదటిది చిరాకు, రెండోది పట్టరాని కోపం. కస్టమర్ బిల్లు చించేసి బల్ల గుద్దాడని వాక్యంలో ఉంటే అది చిరాకు స్థాయి దాటిపోయినట్టే. కాబట్టి ఎన్‌రేజ్డ్. ఇలాంటి చోట మనిషి ఏమన్నాడన్నదాని కన్నా ఏం చేశాడన్నదే మంచి ఆధారం.

సందర్భం కూడా మోసం చేస్తుంది

‘కొత్త మందు కణితి పెరుగుదలను అరెస్ట్ చేసింది’ అన్న వాక్యంలో అరెస్ట్‌కు సిననిమ్ అడిగారనుకుందాం. ఆప్షన్లలో క్యాప్చర్డ్, హాల్టెడ్, క్యూర్డ్ ఉన్నాయి. బట్టీపట్టిన అర్థాన్నే నమ్ముకుంటే ‘పట్టుకోవడం’ అని క్యాప్చర్డ్ పెడతారు. మందు, కణితి అన్న మాటలు మాత్రమే చూస్తే ‘నయం చేసింది’ అని క్యూర్డ్ పెడతారు. రెండూ తప్పే. క్యూర్డ్ సందర్భానికి సరిపోయేలా కనిపించినా, అరెస్ట్‌కు ‘నయం చేయడం’ అన్న అర్థమే లేదు. ఆ పదానికి ‘ఆపడం’ అనే ఇంకో అర్థం ఉంది, ఇక్కడ పనికొచ్చేది అదే. సమాధానం హాల్టెడ్. ఆప్షన్‌ను వాక్యంలో పెట్టి చదివితే సరిపోతుందనుకోవద్దు. అసలు పదానికి ఆ అర్థం ఉండాలి, ఆ అర్థం ఈ వాక్యంలో పొసగాలి. రెండూ కుదరాలి.

వాక్యమే ఇవ్వకపోతే?

ఒక్క పదం ఇచ్చి సిననిమ్ అడిగే ప్రశ్నలూ ఉంటాయి. అప్పుడు ఆధారం ఆప్షన్లలోనే దొరకొచ్చు. డిలిజెంట్ అన్న పదానికి లేజీ, ఐడిల్, హార్డ్‌వర్కింగ్, క్లెవర్ ఇచ్చారనుకోండి. లేజీ, ఐడిల్ ఇక్కడ చెప్పేది ఒకే సోమరితనం. సరైన జవాబు ఒక్కటే కాబట్టి రెండూ పోతాయి. కానీ ఆ రెండింటి మధ్య ఏ కొంచెం తేడా ఉన్నా ఈ సూత్రం వాడకండి. పొదుపరి, పిసినారి జంటకు దీన్ని వాడితే సరైన జవాబునే కొట్టేసినట్టవుతుంది.

ఎంత వెతికినా తేడా దొరక్కపోతే? ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో సరైన జవాబుకు 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. రెండే మిగిలిన ప్రశ్నలు రెండు ఉండి, ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అయినా నికరంగా 1.50 మార్కులు వస్తాయి. అందుకే అక్కడిదాకా వచ్చాక వదిలేయకుండా ఒకటి గుర్తించి ముందుకెళ్లండి.

ప్రిపరేషన్‌లోనూ ఒక మార్పు చేసుకోండి. నోట్‌బుక్‌లో ఒక్కో పదానికి ఐదారు సిననిమ్స్ వరసగా రాస్తే అన్నీ ఒకటే అన్న భ్రమ కలుగుతుంది. జంటలుగా రాసి, పక్కన తేడాను తెలుగులో పెట్టండి: పొదుపరి-పిసినారి, చిరాకు-ఆగ్రహం. ఈ తేడాలు తెలుగులో మీకు ఎప్పుడో తెలుసు. మాక్ టెస్టులో తప్పు పోయిన ప్రతి సిననిమ్‌ను, మీరు పెట్టిన జవాబుతో జత చేసి అదే పేజీలోకి ఎక్కించండి.