మాగాయ ఊటలో ఉప్పు కొలత: ‘రెండు మూడు చుక్కలు’ చాలవు

మామిడి ఊటలోని ఉప్పును సిల్వర్ నైట్రేట్‌తో అంశమాపనం చేసి నిర్ణయించడం మన విద్యార్థులకు సుపరిచితమే. అయితే ప్రయోగ పుస్తకాలలో ద్రావణపు పి.హెచ్. ప్రస్తావన అరుదు, క్రోమేట్ సూచిక పరిమాణం ‘రెండు మూడు చుక్కలు’ అని మాత్రమే ఉంటుంది. ఈ రెండూ నమోదు కాని ఫలితాన్ని ఆమోదించరాదని నా అభిప్రాయం.

కారణం సులభమే. ముందుగా క్లోరైడ్ తెల్లని సిల్వర్ క్లోరైడ్‌గా అవక్షేపిస్తుంది. అది దాదాపు ముగిసిన తరువాతే సిల్వర్ క్రోమేట్ ఇటుక ఎరుపు రంగు కనిపిస్తుంది. మామిడి ఊట పి.హెచ్. 3 చుట్టుపక్కల ఉంటుంది. ఆ ఆమ్లంలో క్రోమేట్ అయాన్లు హైడ్రోజన్ క్రోమేట్‌గా, డైక్రోమేట్‌గా మారిపోతాయి కనుక ఎరుపు ఆలస్యంగా వస్తుంది, ఉప్పు ఉన్నదానికంటే ఎక్కువగా లెక్కకు వస్తుంది. ఈ పొరపాటు ప్రమాదకరమైన వైపుకే మొగ్గుతుంది: ఉప్పు చాలని ఊట చాలినట్లు కనబడి, తయారీదారుల జాడీలో బూజు పడుతుంది.

క్షారం ఎక్కువైనా ముప్పే. పి.హెచ్. 10 దాటితే గోధుమరంగు సిల్వర్ ఆక్సైడ్ ఏర్పడుతుంది. అంతకుముందే, 8 దాటగానే, ఊటలోని పసుపు ఎరుపెక్కి అంతిమ బిందువును మరుగుపరుస్తుంది. అందువల్ల సోడియం హైడ్రాక్సైడ్ కంటే క్లోరైడ్ లేని కాల్షియం కార్బనేట్‌ను చిటికెడు చేర్చి, బుడగలు ఆగాక పి.హెచ్. 7, 8 మధ్య ఉన్నదో లేదో చూసుకోవడం మేలు. సూచికను ఆ తరువాతే కలపాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. వడకట్టిన ఊట 5 మి.లీ. తీసుకొని 250 మి.లీ.కు పలుచన చేయాలి. అందులో 25 మి.లీ. శంఖాకార కుప్పెలో పోసి, స్వేదనజలంతో సుమారు 100 మి.లీ.కు పెంచి, తటస్థీకరించి, 5 శాతం పొటాషియం క్రోమేట్ సరిగ్గా 1 మి.లీ. పిపెట్‌తో చేర్చాలి. సూచిక ఎక్కువైతే ఎరుపు ముందే వస్తుంది, పైగా పసుపు ఛాయ దానిని కప్పివేస్తుంది, తక్కువైతే ఆలస్యమవుతుంది. బాగా కలుపుతూ 0.1 నార్మల్ సిల్వర్ నైట్రేట్‌ను వదిలినప్పుడు, మాయని తొలి ఎరుపు ఛాయ 12.9 మి.లీ. వద్ద వచ్చిందనుకుందాం. ఊట లేకుండా, మిగిలినవన్నీ అలాగే ఉంచి చేసిన ఖాళీ పరీక్షలో 0.1 మి.లీ. పట్టింది. నికరం 12.8 మి.లీ.

12.8 × 5.844 = 74.8 మి.గ్రా.

ఇది అర మి.లీ. ఊటలోని ఉప్పు, అంటే 100 మి.లీ.లో సుమారు 15 గ్రాములు. అంతిమ బిందువు ఒక్క మి.లీ. ఆలస్యమైనా లెక్కలో 1.17 గ్రాములు పెరుగుతాయి. ఈ అంకె ఘనపరిమాణాన్ని బట్టి వచ్చినది. తయారీదారులు ఉప్పును తూకంతో చెబుతారు గనుక ఊట సాంద్రతతో భాగించనిదే రెండింటినీ పోల్చరాదు.

కారం, ఆవపిండి కలిసిన ఆవకాయకు ఈ పద్ధతి నేరుగా వర్తించదు. దానిని బూడిద చేసి, నీటిలో కరిగించి, వడకట్టి, క్షారత సరిచేసుకోవాలి. క్రోమేట్ విషపూరితం గనుక, వాడిన ద్రావణాలను తూములో పోయక వేరే సీసాలో చేర్చిపెట్టాలి. ప్రయోగ పుస్తకంలో పి.హెచ్.కు, సూచిక మి.లీ.లకు, ఖాళీ పరీక్షకు మూడు గడులు చేర్చడానికి అదనపు ఖర్చేమీ ఉండదు.