పేరు వేస్తే అనుమతి వచ్చినట్టు కాదు

‘క్రెడిట్స్ టు ఓనర్’ అని కింద ఒక ముక్క రాసేస్తే ఎవరి పాటైనా వాడుకోవచ్చన్న ధీమా మన చిన్న వ్యాపారుల్లో బాగా పాతుకుపోయింది. అది ఎంత ఉత్తి ధీమాయో 2024లో ‘మంజుమ్మల్ బాయ్స్’ సినిమా చూపించింది. అందులో ‘గుణ’ సినిమా పాట వాడుకుని, టైటిల్స్‌లో ఇళయరాజా పేరూ వేశారు. అయినా ఆయన లాయర్ నోటీసు పంపారు. పేరు వేసినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టు కాదన్నది అందులోని వాదన. హక్కులున్న కంపెనీల దగ్గర కొనుక్కున్నామని నిర్మాతలు జవాబిచ్చారు. ఎవరి వాదన ఎలా ఉన్నా, పేరు వేశాం కదా అన్నది మాత్రం వాళ్లకు జవాబు కాలేదు.

ఇప్పుడు వేటపాలెంలో ఒక జీడిపప్పు దుకాణం రీల్ చేసిందనుకుందాం. గుండు పప్పు, బద్దలు వేరుచేస్తున్న చేతులు, వెనక ఒక హిట్ సినిమా పాట, మధ్యలో ఇంటర్నెట్‌లో దొరికిన జీడిమామిడి తోట ఫొటో, చివర్లో గాంధీజీ పేరుతో ఒక సూక్తి. ముప్పై సెకన్ల రీల్‌లో తగువుకు మూడు చోట్లున్నాయి.

ముందు పాట. బిజినెస్ ఖాతాలో వెతికితే సినిమా పాటలు చాలావరకు కనబడవు. అప్పుడు ఎవరో ఒకరు ‘పర్సనల్ ఖాతాగా మార్చెయ్, వచ్చేస్తుంది’ అని సలహా ఇస్తారు. మారిస్తే పాట వస్తుంది కానీ అనుమతి రాదు. మ్యూజిక్ కంపెనీలతో ఇన్‌స్టాగ్రామ్ కుదుర్చుకున్న ఒప్పందం జనం సరదాగా పెట్టుకునే వీడియోలకే గానీ సరుకు అమ్ముకోవడానికి కాదు. అదే రీల్‌కు డబ్బు కట్టి బూస్ట్ చేయబోతే, పాట కారణంగా కుదరదని తరచూ అక్కడే చెప్పేస్తుంది. దాన్ని హెచ్చరికగా తీసుకోవాలి. 2024లో అమెరికాలో సోనీ మ్యూజిక్ మారియట్ హోటళ్ల మీద వేసిన దావా ఇలాంటి ప్రచార పోస్టుల గురించే. వ్యాపారానికి వాడుకోనిచ్చే సంగీతం మెటా వారి Sound Collection లో ఉచితంగానే దొరుకుతుంది. క్రియేటివ్ కామన్స్ సంగీతమూ ఉంది. అక్కడ మాత్రం పేరు వేయడం షరతు. పేరు వేయకపోతే ఇచ్చిన అనుమతే పోతుంది.

లైసెన్సు పేరులో NC అని ఉంటే వ్యాపారానికి పనికిరాదు. ND అంటే మార్పులు కూడదు, వీడియోకు జోడించడమూ ఆ లెక్కలోకే వస్తుంది. SA ఉంటే మన రీల్‌నూ అదే లైసెన్సు కింద వదలాలి. పేరు వేయడం తప్ప వేరే పేచీ లేనిది BY.

ఇక ఫొటో. ‘ఫొటో: గూగుల్’ అని రాయడం దండగ. గూగుల్ వెతికిపెట్టింది, తీసింది ఇంకెవరో. ఆ పేజీ తెరిచి, తీసినవాళ్లెవరో, ఏ షరతు మీద ఇచ్చారో చూడాలి. అది తేలకపోతే ఆ ఫొటో వదిలేసి సొంత ఫోన్‌తో తీసుకోవడం మేలు. డబ్బిచ్చి ఫొటోగ్రాఫర్‌తో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మన చట్టం ప్రకారం మొదటి హక్కు తీయించుకున్నవారిదే.

సూక్తి దగ్గర చిక్కు వేరు. రచయిత పోయాక అరవై ఏళ్ల వరకు హక్కులుంటాయి. గాంధీజీ రచనలకు 2008తోనే ఆ గడువు తీరిపోయింది. 1983లో పోయిన శ్రీశ్రీ కవితలకు 2043 చివరిదాకా ఉంది. గాంధీజీ విషయంలో హక్కుల బెడద లేదు గానీ, ఆ మాట ఆయన అన్నదేనా అన్నది చూసుకోవాలి. కొనుగోలుదారే మన దుకాణానికి ముఖ్య అతిథి అంటూ కొట్లలో, బ్యాంకుల్లో ఆయన పేరుతో వేలాడే సూక్తి ఆయన రాసినట్టు గానీ అన్నట్టు గానీ ఆధారం దొరకలేదు. వేటపాలెం వాళ్లకు దీనికి దూరం పోనక్కర్లేదు. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఊళ్లోనే ఉంది. పుస్తకం పేరు, పేజీ దొరికితే వాడండి, లేకపోతే తీసేయండి.

అన్నీ సరిచూసుకున్నాక ఆ రీల్ కింద రాయాల్సింది ఇంతే:

```
సంగీతం: "Carefree", Kevin MacLeod
(incompetech.com), CC BY 4.0, నిడివి తగ్గించాం
creativecommons.org/licenses/by/4.0/
ఫొటోలు, వీడియో: మా దుకాణం
```

పేరు, కర్త, దొరికిన చోటు, షరతు, మనం చేసిన మార్పు అన్నీ ఇందులో ఉన్నాయి. అనుమతి కాగితం గానీ, లైసెన్సు పేజీ స్క్రీన్‌షాట్ గానీ తేదీతో సహా దాచుకోండి. ఫిర్యాదు వస్తే చూపించాల్సింది అదే. ‘కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు’ అన్న వాక్యం మాత్రం ఎక్కడున్నా తుడిచేయండి. అది మిమ్మల్ని కాపాడదు సరికదా, సొత్తు పరాయిదని మీకు ముందే తెలుసని మీ చేతనే ఒప్పిస్తుంది.