ఒక్క సంతకమేగా అంటున్నారు

మొన్న డిసెంబరులో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం అడ్మిషన్ల ఆఫీసు నుంచి నా కాలేజీ మెయిల్‌కి ఒక ఉత్తరం వచ్చింది. జతచేసిన సిఫారసు లేఖ మీరు రాసిందేనా, సంతకం మీదేనా అని అడిగారు. తెరిచి చూశాను. పైన మా కాలేజీ లెటర్‌హెడ్. కింద నా పేరు, నా సంతకం. మధ్యలో ఉన్న ఒక్క మాటా నాది కాదు.

దరఖాస్తు చేసిన అబ్బాయికి నేను ఆరో సెమిస్టర్‌లో మెషీన్ లెర్నింగ్ చెప్పానని అందులో ఉంది. ఆ సబ్జెక్టు నేను ఎప్పుడూ చెప్పలేదు. అతనికి నేను చెప్పింది రెండో సంవత్సరంలో ఆపరేటింగ్ సిస్టమ్స్. నాలుగేళ్లుగా అతన్ని దగ్గరగా ఎరుగుదునని ఉంది. నేను హెచ్‌ఓడీనని ఉంది. నేను ఏనాడూ హెచ్‌ఓడీని కాను. సంతకం మాత్రం నిజంగా నాదే. మా దగ్గర ప్రాజెక్టు సర్టిఫికెట్ మీద గైడు చుక్కల గీత పైన సంతకం పెడతారు. నా సంతకం చివరి అక్షరం తోక ఎప్పుడూ ఆ గీతను దాటి కిందికి దిగుతుంది. ఈ లేఖలో అసలు చుక్కల గీతే లేదు, కానీ తోక చుట్టూ మూడు చుక్కలు మిగిలిపోయాయి. సర్టిఫికెట్‌ను స్కాన్ చేసి, సంతకం కత్తిరించి, ఇక్కడ అతికించారు.

ఇదెలా జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులకు ఇది తెలియదు. ఎమ్మెస్‌కి దరఖాస్తు చేసేటప్పుడు విద్యార్థి సాధారణంగా మూడు ఎల్‌ఓఆర్‌ల కోసం ముగ్గురి పేర్లు, మెయిల్ ఐడీలు ఇవ్వాలి. విశ్వవిద్యాలయం నేరుగా ఆ మెయిల్‌కి ఒక లింకు పంపుతుంది. అధ్యాపకుడు దాన్ని తెరిచి, విద్యార్థి ఎంతకాలంగా తెలుసు, ఏ హోదాలో తెలుసు, తోటివాళ్లలో మొదటి ఎంత శాతంలో ఉంటాడు అన్నవి నింపి, లేఖ అప్‌లోడ్ చేయాలి. కొన్ని కన్సల్టెన్సీలు ప్యాకేజీ మాట్లాడేటప్పుడే, “ఎల్‌ఓఆర్‌ల సంగతి మాకు వదిలేయండి” అంటాయి. ప్రొఫెసర్ పేరు మీద ఒక జీమెయిల్ తెరుస్తారు. లింకు అక్కడికి వస్తుంది. ఆఫీసులో కూర్చున్న ఎవరో దాన్ని తెరిచి, ఆ ప్రొఫెసర్‌గా నటించి, పిల్లవాడికి మార్కులు వేసి పంపేస్తారు. కొన్నిసార్లు ఆ లేఖలో ఏముందో పిల్లవాడికే తెలియదు. కానీ దరఖాస్తు చివర “ఇందులో ఉన్నదంతా నిజం” అని ఒప్పుకునేది అతనే. కన్సల్టెన్సీ పేరు అందులో ఎక్కడా ఉండదు.

నాకు కోపం తెప్పించింది ఆ లేఖ ఒక్కటే కాదు. దాన్ని పట్టుకుని మా పైవాళ్ల దగ్గరికి వెళ్లాను. “వదిలేయండి మేడమ్, కుర్రాడి భవిష్యత్తు. పైగా కాలేజీ పేరు బయటికి వస్తుంది” అన్నారు. స్టాఫ్‌రూమ్‌లో చెబితే ఒకాయన తల కూడా ఎత్తకుండా “నా పేరు మీద ఎన్ని తిరుగుతున్నాయో, ఎవరు లెక్కపెట్టారు” అన్నారు. కుర్రాడి తండ్రి ఫోన్ చేశారు. “మేడమ్ గారూ, లక్షలు పోసి చదివించాం. ఒక్క సంతకమేగా. అవునని ఒక మాట రాసేయండి.” ఆయన గొంతులో బాధ ఉంది, దాన్ని నేను కాదనను. కానీ ముగ్గురిలో ఒక్కరు కూడా ఇది తప్పు అనలేదు. నా పేరుతో ఎవరో మాట్లాడారు, నేను చూడని దాన్ని చూశానని చెప్పారు, అది ఎవరికీ పట్టలేదు. ఇంత నిర్లిప్తత ఎక్కడి నుంచి వచ్చింది మనకి?

నేను రాయలేదని జవాబు పంపాను. పంపకపోతే ఆ అబద్ధానికి నేను రెండోసారి, ఈసారి నిజంగానే సంతకం పెట్టినట్టు.

ఎవరు కనిపెడతారులే అన్న ధీమా మీద ఈ వ్యాపారం నడుస్తోంది. కనిపెట్టడం అంత కష్టమేమీ కాదు. కాలేజీ వెబ్‌సైట్‌లో ప్రొఫెసర్‌కి అధికారిక మెయిల్ ఉంటే, లేఖ జీమెయిల్ నుంచి ఎందుకు వచ్చిందన్నది మొదటి అనుమానం. ముగ్గురు ప్రొఫెసర్ల లేఖల్లో ఒకే ఫాంటు, ఒకే మార్జిన్లు, ఒకేలాంటి వాక్యాలు ఉండటం రెండోది. పీడీఎఫ్ ఫైలు లక్షణాలు తెరిస్తే దాన్ని ఎప్పుడు తయారు చేశారో, చాలాసార్లు ఏ పేరుతో తయారు చేశారో కూడా కనిపిస్తుంది. ముగ్గురు వేరువేరు మనుషులు రాసిన లేఖలు ఒకే సాయంత్రం, ఒకే పేరు కింద ఎలా పుడతాయి? లేఖ ఏ ఐపీ చిరునామా నుంచి అప్‌లోడ్ అయిందో చూస్తే దరఖాస్తు, సిఫారసు రెండూ ఒకే గదిలోంచి వచ్చాయా అన్నదీ బయటపడవచ్చు. ఇవేవీ అక్కర్లేకుండా, నాకు రాసినట్టు, అసలు మనిషికి ఒక మెయిల్ రాసినా చాలు.

దొరికితే అడ్మిషన్ రద్దు చేయవచ్చు. చేరాక బయటపడినా పంపేయవచ్చు. 2024లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో అదే జరిగింది. నకిలీ కాగితాలతో సీటు, ఆర్థిక సాయం సంపాదించిన ఒక భారతీయ విద్యార్థి అరెస్టయి, నేరం ఒప్పుకుని, తిరిగి ఇండియాకి రావలసి వచ్చింది. వీసా కోసం తెలిసి చెప్పిన అబద్ధం అమెరికా వలస చట్టం ప్రకారం జీవితాంతం వెంటాడవచ్చు. ఇక్కడ మన చట్టమూ ఊరుకోదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 336వ సెక్షన్ ఫోర్జరీ గురించే. మోసం కోసం చేసిన ఫోర్జరీకి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఫోర్జరీ అని తెలిసి ఆ కాగితాన్ని వాడినవాళ్లకూ శిక్ష ఉంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. అదే కాలేజీ నుంచి వచ్చే ఏడాది ఒక అమ్మాయి నిజంగా కష్టపడి, నిజమైన లేఖతో దరఖాస్తు చేస్తుంది. ఒకసారి మోసపోయిన ఆఫీసు ఆ లెటర్‌హెడ్‌ను మళ్లీ ఎలా నమ్ముతుంది? ఆ అమ్మాయి ఏం తప్పు చేసింది?

అధ్యాపకులనూ అడగాలి. పిల్లలు నెలల తరబడి తిరిగితే “తర్వాత రా” అనేవాళ్లు మనలో లేరా? “నువ్వే రాసుకురా, సంతకం పెడతా” అని, తెచ్చింది చదవకుండా పెట్టేవాళ్లు లేరా? చదవకుండా పెట్టిన సంతకానికీ దొంగ సంతకానికీ మధ్య పెద్ద దూరం లేదు. పిల్లలు కన్సల్టెన్సీ మెట్లెక్కడానికి మన గది తలుపు మూసి ఉండటం కూడా ఒక కారణం.

నిజమైన లేఖ అడగడం కష్టం కాదు. పెద్ద హోదా ఉన్నవాళ్లని కాదు, మీ పని కళ్లారా చూసినవాళ్లని అడగండి. మిమ్మల్ని పేరుపెట్టి కూడా పిలవలేని ప్రిన్సిపాల్ లేఖకంటే, ల్యాబ్‌లో మీ పక్కన నిలబడ్డ అసిస్టెంట్ ప్రొఫెసర్ లేఖకు విలువెక్కువ. గడువుకి కనీసం నెల ముందు అడగండి. “మేడమ్, నా గురించి మీరు గట్టిగా రాయగలరా?” అని అడగండి. ఆ ప్రశ్నలో కాదనడానికి వాళ్లకి చోటుంటుంది. తటపటాయిస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లడం మీకే మేలు. పాసై చాలా ఏళ్లయితే రోల్ నంబరు, బ్యాచ్, ఏ సబ్జెక్టు చెప్పారో గుర్తుచేయండి. మార్కుల మెమోలు, రెజ్యూమే, విశ్వవిద్యాలయాల పేర్లు, గడువు తేదీలు ఒకే మెయిల్‌లో పంపండి. దరఖాస్తులో వాళ్ల అధికారిక మెయిలే ఇవ్వండి. లింకు స్పామ్‌లో పడవచ్చని ముందే చెప్పి, గడువుకి వారం ముందు మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి. లేఖను చూసే హక్కు వదులుకుంటారా అని దరఖాస్తులో అడుగుతారు. అవునని పెట్టండి. మీరు చూడరని తెలిసిన లేఖనే అక్కడివాళ్లు ఎక్కువ నమ్ముతారు.

ఇక డ్రాఫ్టు. చాలామంది అధ్యాపకులు అడుగుతారు. దరఖాస్తుదారు రాయకూడదని విశ్వవిద్యాలయం చెప్పిన చోట అసలు ఇవ్వకండి. మిగతా చోట్ల మీరిచ్చేది పూర్తి లేఖ కాదు, వాళ్లు రాసుకోవడానికి పనికొచ్చే విషయం. నా దగ్గరికి వచ్చే డ్రాఫ్టులు దాదాపు ఇలా ఉంటాయి: “చాలా కష్టపడే స్వభావం, క్రమశిక్షణ, త్వరగా నేర్చుకుంటుంది, అందరితో కలిసిపోతుంది.” ఇది ఎవరి గురించైనా రాయవచ్చు కాబట్టి ఎవరి గురించీ కాదు.

ఒక అమ్మాయి తెచ్చిన డ్రాఫ్టు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో ఇలా ఉంది: “ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో ప్రొడ్యూసర్-కన్స్యూమర్ ప్రోగ్రాం నాకు కొన్నిసార్లు సరిగ్గా నడిచేది, కొన్నిసార్లు ఆగిపోయేది. మళ్లీ రన్ చేస్తే వచ్చేది కాబట్టి అదే అవుట్‌పుట్ రికార్డులో రాశాను. మీరు అది ఎందుకు ఆగిందో కనుక్కుని రమ్మన్నారు. బఫర్ నిండాక కూడా ప్రొడ్యూసర్ ముందు మ్యూటెక్స్ పట్టుకుని, ఆ తర్వాత ఖాళీ కోసం ఎదురుచూస్తోంది. మ్యూటెక్స్ దొరక్క కన్స్యూమర్ ఖాళీ చేయలేకపోతోంది. ఆ రెండు వెయిట్‌ల వరుస మార్చాక మళ్లీ ఆగలేదు. మూడో సెమిస్టర్‌లో నాకు గణితంలో మార్కులు తగ్గాయి, అప్పుడు నాన్న ఆసుపత్రిలో ఉన్నారు. అవసరమనిపిస్తే రాయండి.”

తాను మంచి విద్యార్థినని ఆ అమ్మాయి ఎక్కడా చెప్పుకోలేదు. జరిగింది చెప్పింది. రికార్డులో మొదట తప్పుగా రాసుకున్నదీ దాచలేదు. ఆ సంఘటన నాకూ గుర్తుంది కాబట్టి దాన్ని నా మాటల్లో, నేను చూసినంత మేరకు రాశాను. తరగతిలో ఎక్కడ నిలుస్తుందన్నది నేను నిర్ణయించాను, ఆమె అడగలేదు. లేఖ నేనే అప్‌లోడ్ చేశాను. విద్యార్థి విషయం ఇవ్వాలి, తీర్పు అధ్యాపకుడిది. ఆ గీత దాటితే డ్రాఫ్టు కూడా ఫోర్జరీ దారి పడుతుంది.

కాలేజీలకు ఒక విన్నపం. ప్రతి అధ్యాపకుడికీ పనిచేసే అధికారిక మెయిల్ ఇచ్చి వెబ్‌సైట్‌లో పెట్టండి. ఎవరికి ఏ లేఖ ఇచ్చారో విభాగంలో రాసిపెట్టండి. నిర్ధారణ కోరుతూ వచ్చిన మెయిల్‌కి జవాబివ్వండి. ఫోర్జరీ బయటపడితే నొక్కిపెట్టకండి.

తల్లిదండ్రులకు ఇంకొకటి. కన్సల్టెన్సీకి డబ్బు కట్టే ముందు మీ పిల్లల ఎల్‌ఓఆర్‌లు ఎవరు రాస్తున్నారో, ఏ మెయిల్ నుంచి వెళ్తున్నాయో అడగండి. “అది మేం చూసుకుంటాం” అన్న జవాబు వస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మీ పిల్లల్ని వాళ్ల అధ్యాపకుల దగ్గరికి పంపండి.