జీతంలో పన్ను కోసింది కంపెనీ, నోటీసు వచ్చింది పిల్లోనికి

మొన్న ఆదివారం కమలాపురం బస్టాండు కాడ టీ తాగుతాంటే, మా వీధి పిల్లోడు ఒకడు వచ్చి ఫోను నా ముందర పెట్టినాడు. బెంగళూరులో ఉద్యోగం వానికి. "అన్నా, ఇన్‌కం ట్యాక్సోళ్లు 35,100 రూపాయలు కట్టమంటాండారు. పైన వడ్డీ వేరే. నెలనెలా నా జీతంలో కోసినారు కదన్నా, మళ్లా యాడ కట్టేది?"

పేస్లిప్పులు తీయమన్నా. వాని జీతం ఏడాదికి తొమ్మిదిన్నర లక్షలు. 2023-24 లెక్క ప్రకారం, కొత్త పద్ధతిలో 50,000 తీసేస్తే తొమ్మిది లక్షల మీద పన్ను 45,000, సెస్సు కలిపితే 46,800. అంటే నెలకు 3,900. పన్నెండు స్లిప్పుల్లోనూ సరిగ్గా అంతే కోసినారు. కంపెనీ లెక్కలో తప్పు లేదు. కోసిన దుడ్డు యాడికి పోయిందన్నదే ప్రశ్న.

దానికి జవాబు 26ఏఎస్ అనే కాగితంలో ఉంటాది. ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో `e-File`, `Income Tax Returns`, `View Form 26AS` అని పోతే కనపడతాది. మన పాన్ మీద ఎవరెవరు పన్ను కోసి ఎంత జమ చేసినారో దాంట్లో రాసుంటాది. వాని కాగితంలో ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలకే 11,700 జమైంది. జులై నుంచి మార్చి దాకా తొమ్మిది నెలలు ఖాళీ. తొమ్మిది మూడువేల తొమ్మిదొందలు ఎంత? 35,100. సర్కారు అడిగిన మొత్తం అణా పైసలతో సరిపోయింది.

ఖాళీ కనపడగానే కంపెనీ మింగిందని అరవకూడదు. ఏ నెల కోసిన పన్ను ఆ తర్వాతి నెల 7వ తేదీ లోపల కట్టాల. మార్చి నెలదానికి మాత్రం ఏప్రిల్ 30 దాకా గడువు. కట్టినాక మూడు నెలలకొకసారి 24క్యూ అనే లెక్క దాఖలు చేయాల, దాంట్లో ఒక్కొక్కరి పాన్ రాసి ఎవరికి ఎంత కోసినారో చెప్పాల. దుడ్డు కట్టి లెక్క దాఖలు చేయకున్నా మన కాగితం ఖాళీగానే ఉంటాది. పాన్‌లో ఒక్క అక్షరం తప్పు కొట్టినా అంతే. వీటికి కంపెనీ లెక్కను సవరిస్తే చాలు, నెలా రెండు నెలల్లో సర్దుకుంటాది.

మరి ఇది తప్పా, మోసమా అని ఎట్ల తెలిసేది? నేను వాన్ని అడిగిందొకటే: "నీతో పని చేసినోళ్లకు పడిందా?" ఫోన్లు చేసినాడు. నలుగురికీ అదే తొమ్మిది నెలలు ఖాళీ. అందరి పాన్‌లూ ఒక్కసారే తప్పు పోవు కదా. ఇంగొక గుర్తు ఫారం 16. దాని మొదటి భాగం సర్కారు వాళ్ల ట్రేసెస్ వెబ్‌సైటు నుంచి దిగేది, కంపెనీ లెక్క దాఖలు చేసుంటేనే వస్సాది. వీనికి ఇచ్చింది ఆఫీసులో ఎక్సెల్‌లో కొట్టి స్టాంపు వేసిన కాగితం. అది చూసినాక నాకు అనుమానం తీరిపోయింది. కొన్నిసార్లు 26ఏఎస్‌లో వరుస ఉండి పక్కన `F` బదులు `U` అని ఉంటాది. కంపెనీ లెక్క రాసింది గానీ దానికి సరిపోయే చలానా లేదని దానర్థం.

ఇట్లా జరగడం ఇదే మొదలు కాదు. విజయ్ మాల్యా కింగ్‌ఫిషర్ విమానాలు 2012 అక్టోబరులో ఆగిపోయినాయి. ఆ కంపెనీ జీతాల్లో పన్ను కోసి ఖజానాకు కట్టలేదు. యజమాని లండన్ పోయినాడు, నోటీసులు ఆయన కింద పని చేసిన పైలట్లకు వచ్చినాయి. అంత జీతాలు తీసుకున్నోళ్లే ఏండ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినారంటే మనోని సంగతి చెప్పేదేముంది?

నిజానికి చట్టం మన పక్కనే ఉండాది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 205 సెక్షన్ ఏమంటాదంటే, జీతంలో పన్ను కోసినాక, కోసినంత మేరకు మళ్లా ఉద్యోగిని కట్టమని అడగకూడదు. 2015 జూన్ 1న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు కూడా తన అధికారులకు ఇదే రాసింది: కంపెనీ కట్టలేదని ఉద్యోగి మీద బలవంతపు వసూలు చేయొద్దని.

అయితే అదే చట్టంలో 199 సెక్షన్ కోసి, కట్టిన పన్నుకే లెక్క ఇస్తామంటాది. ఈ రెండిటి మధ్యనే పిల్లోడు నలిగిపోయేది. కంప్యూటరుకు 205 తెలీదు. 26ఏఎస్‌లో లేదు కాబట్టి బాకీ అని రాసేస్తాది. అధికారి ఇంటికి రాడు, జప్తు చేయడు, కానీ బాకీ అట్లే పుస్తకంలో ఉంటాది. మరుసటి ఏడు నీకు రిఫండు రావాల్సి ఉంటే దాంట్లో పట్టుకుంటాది. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు కింగ్‌ఫిషర్ ఉద్యోగి ఒకాయన కేసులో దీన్నే తప్పుపట్టింది. రిఫండులో పట్టుకోవడమంటే దొడ్డిదారిన వసూలు చేసినట్లే, 205 దానికీ అడ్డమేనని చెప్పింది. విమానాలు ఆగినాక పదేండ్లకు వచ్చిన తీర్పది. మన రాష్ట్రంలో అధికారి దాన్ని తనంతట తాను పాటిస్తాడని నమ్మకం పెట్టుకోలేం, మనమే రాసి చూపించాల.

మా పిల్లోనికి ఒక ఆడిటర్ "35 వేలే కదా, కట్టేసి తలనొప్పి వదిలించుకో" అన్నాడంట. నేను వద్దన్నా. ఒకసారి కట్టినాక వెనక్కి తెచ్చుకునేది ఎంత కష్టమో నాకు తెలుసు. పోర్టల్‌లో `Response to Outstanding Demand` తెరిచి `Disagree with demand` నొక్కినాం. పన్నెండు పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు జత చేసినాం. స్లిప్పులో పన్ను పోగా మిగిలిన జీతమే బ్యాంకులో పడిందని పక్కపక్కన చూపిస్తే, కోత నిజంగా జరిగిందని రుజువవుతాది. వాని పాన్ చూసే అధికారికి 205, బోర్డు ఉత్తర్వు, ఢిల్లీ తీర్పు రాసి ఒక ఉత్తరం. కంపెనీ ట్యాన్ నంబరుతో టీడీఎస్ అధికారికి ఇంగొక ఫిర్యాదు. కోసిన పన్ను కట్టకపోతే 276బి సెక్షన్ కింద మూడు నెలల నుంచి ఏడేండ్ల దాకా జైలు. కేసు పెట్టాల్సింది శాఖ, మనం కాదు.

ఈ పనిలో మాకు చిక్కు వచ్చింది పేస్లిప్పుల కాడ. అవి కంపెనీ యాప్‌లో ఉండేవి, ఉద్యోగం మానినాక లాగిన్ మూసేసినారు. వాని అదృష్టం, నెలనెలా అమ్మకు వాట్సాప్‌లో పంపేవాడు. జీతం ఎంతో చూడమ్మా అని. ఆ ఫోను లేకుంటే మా చేతిలో ఏముండేది?

ఇంగొక సంగతి దాయకుండా చెప్పాల. 205 కాపాడేది బాకీ అడగకుండా మాత్రమే. వాడు అదే ఏడు నవంబరులో ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోనుంటే? ఎనిమిది నెలల జీతం 6,33,000 చిల్లర, 50,000 పోగా ఏడు లక్షల లోపలే కాబట్టి పన్నే లేదు. కోసిన 31,200 వాపసు రావాల. కానీ ఖజానాకు చేరని దుడ్డును సర్కారు వాపసిస్తాదా? అక్కడ 199 అడ్డం నిలబడతాది. గుజరాత్, ఢిల్లీ కోర్టులకు పోయినోళ్లకు న్యాయం దొరికిందంటే లాయరును పెట్టుకోగలిగినారు కాబట్టి. నెలకు 3,900 పోగొట్టుకున్నోడు హైకోర్టు యాడ పోతాడు?

కంపెనీ ఎంత కోసిందో, ఎంత కట్టిందో తేడా పట్టే కంప్యూటరు శాఖ కాడే ఉండాది. `U` అని రాసేది అదే. కట్టనోని మీద నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ వేసే అధికారం కూడా శాఖదే. అయినా ఆ తేడా కనపడినప్పుడు మొదటి నోటీసు పిల్లోనికే ఎందుకు పోవాల?

సోమవారం కడపకు పోయి ఉత్తరాలు రెండూ రిజిస్టర్ పోస్టులో వేసి వచ్చినాం. పోర్టల్‌లో మాత్రం 35,100 ఇంకా బాకీగానే చూపిస్తాంది.