పాలసీ ల్యాప్స్ నోటీసు వచ్చిందా? బకాయి కడితే సరిపోదు.. ఈ నాలుగు తేదీలు చూసుకోండి

ఉద్యోగం మారాక పాత జీతం ఖాతాలో డబ్బులు ఉంచడం చాలామంది మానేస్తారు. ఎప్పుడో నాలుగేళ్ల కింద పెట్టిన ఆటో డెబిట్ మాత్రం ఆ ఖాతాకే ఉంటుంది. ప్రీమియం గడువు రోజున బ్యాంకు 'బ్యాలెన్స్ లేదు' అంటుంది. ఆ మెసేజ్ పాత ఫోన్ నంబరుకు వెళ్తుంది. కొన్ని వారాల తర్వాత పాత చిరునామాకో, మెయిల్‌కో ఓ నోటీసు వస్తుంది. 'మీ పాలసీ ల్యాప్స్ అయింది' అన్నది దాని సారాంశం.

ఈ నోటీసు చూడగానే ఎక్కువమంది రెండు రకాలుగా ఆలోచిస్తారు. కట్టిన డబ్బంతా పోయిందనుకుని వదిలేసేవారు కొందరు. బకాయి కట్టేస్తే మళ్లీ మామూలే అనుకునేవారు మరికొందరు. రెండూ పూర్తిగా నిజం కాదు. ఎంత పోయింది, ఎంత మిగిలింది, ఎలా వెనక్కి తెచ్చుకోవాలన్నది నాలుగు తేదీల మీద ఆధారపడి ఉంటుంది. జీవిత బీమా పాలసీల విషయంలో అవేమిటో చూద్దాం.

మొదటి తేదీ: కట్టని తొలి ప్రీమియం

నోటీసులో ముందుగా వెతకాల్సింది మీరు కట్టకుండా వదిలేసిన మొదటి ప్రీమియం గడువు తేదీ. బీమా సంస్థల పోర్టళ్లలో ఇది FUP అని కనిపిస్తుంది. మిగతా గడువులన్నీ ఈ తేదీ నుంచే లెక్కిస్తారు. నోటీసు మీ చేతికి అందిన రోజుకు ఈ లెక్కలో స్థానం లేదు.

బీమా చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ప్రీమియం కట్టాల్సిన తేదీ నుంచి మూడు నెలల్లోపు సంస్థ మీకున్న ప్రత్యామ్నాయాలను నోటీసు ద్వారా తెలపాలి. పాలసీ పత్రంలోనే ఆ వివరాలు రాసి ఉంటే మాత్రం ఈ నిబంధన వర్తించదు. అందుకే నోటీసు రాలేదన్న కారణంతో గడువు ఆగుతుందని అనుకోవద్దు.

రెండో తేదీ: గ్రేస్ పీరియడ్ ముగింపు

నెలనెలా ప్రీమియం కట్టే పాలసీలకు 15 రోజులు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి కట్టేవాటికి 30 రోజులు అదనపు గడువు ఉంటుంది. ఈ రోజుల్లో బీమా రక్షణ పూర్తిగా కొనసాగుతుంది. పాలసీదారు ఈ మధ్యలో మరణిస్తే కట్టాల్సిన ప్రీమియం మినహాయించుకుని మిగతా మొత్తం నామినీకి ఇస్తారు.

ఒక ఉదాహరణతో లెక్క చూద్దాం. హైదరాబాద్‌లో ఓ ఉద్యోగి 2020 జూన్ 10న రూ.10 లక్షల ఎండోమెంట్ పాలసీ తీసుకున్నారనుకుందాం. కాలపరిమితి 20 ఏళ్లు, ఏడాది ప్రీమియం రూ.50 వేలు. 2020 నుంచి 2023 వరకు నాలుగు ప్రీమియంలు కట్టారు. 2024 జూన్ 10న కట్టాల్సింది ఆగిపోయింది. ఆయన గ్రేస్ పీరియడ్ జులై 10 వరకు ఉంటుంది.

జులై 5న ఆయనకు ఏదైనా జరిగితే కుటుంబానికి రూ.10 లక్షలు, అప్పటివరకు జమైన బోనస్ వస్తాయి. అందులోంచి బకాయి రూ.50 వేలు తీసుకుంటారు. అదే జులై 12న జరిగితే లెక్క మొత్తం మారిపోతుంది.

ఏం పోతుంది? ఏం మిగులుతుంది?

ఇది మీరు కట్టిన ప్రీమియంలను బట్టి ఉంటుంది. పాలసీకి సరెండర్ విలువ రాకముందే ప్రీమియం ఆగిపోతే రక్షణ మొత్తం పోతుంది. ఆ విలువ రావడానికి 2020లో తీసుకున్న పై పాలసీ లాంటివాటికి రెండేళ్ల ప్రీమియం కట్టి ఉండాలి. అంతకుముందటి పాలసీల్లో కొన్నింటికి మూడేళ్లు. 2024 అక్టోబరు నుంచి కొత్త నిబంధనల కింద వచ్చిన పాలసీలకు ఏడాది ప్రీమియం కట్టి, ఒక సంవత్సరం పూర్తయితే చాలు.

ఆ దశ దాటితే పాలసీ రద్దు కాదు. 'పెయిడప్' పాలసీగా మారుతుంది. అంటే ఇకపై ప్రీమియం కట్టకపోయినా, కట్టినంత మేరకు తగ్గిన బీమా మొత్తంతో చివరి వరకు కొనసాగుతుంది. మన ఉదాహరణలో 20 ప్రీమియంలకు కట్టినవి నాలుగు. కాబట్టి రూ.10 లక్షల్లో ఇరవయ్యింట నాలుగో వంతు, అంటే రూ.2 లక్షలే మిగులుతుంది. అప్పటికే జమైన బోనస్ ఉంటుంది గానీ, ఆ తర్వాతి ఏళ్లకు కొత్త బోనస్ కలవదు. ప్రమాద మరణానికి అదనంగా ఇచ్చే రైడర్ కూడా ఆగిపోతుంది.

రెండు రోజుల తేడాతో రూ.10 లక్షల రక్షణ రూ.2 లక్షలకు పడిపోయిందన్నమాట. కొన్ని పాత పాలసీల్లో మూడేళ్లకు పైగా ప్రీమియం కట్టినవారికి గ్రేస్ పీరియడ్ తర్వాత కూడా కొన్ని నెలలు పూర్తి రక్షణ ఇచ్చే వెసులుబాటు ఉంది. నామినీగా క్లెయిమ్ చేసేవారు పాలసీ పత్రంలో ఆ షరతు ఉందేమో చూసుకోకుండా 'ల్యాప్స్ అయింది, ఏమీ రాదు' అన్న మాటతో వెనక్కి రావొద్దు.

టర్మ్ పాలసీల్లో పొదుపు భాగం ఉండదు. సాధారణంగా పెయిడప్ విలువా ఉండదు. గ్రేస్ పీరియడ్ ముగిస్తే రక్షణ సున్నా. యూలిప్‌ల సంగతి వేరు. మొదటి ఐదేళ్లలోపు ప్రీమియం ఆపితే ఛార్జీలు మినహాయించి మీ నిధిని విడిగా ఓ డిస్‌కంటిన్యూడ్ ఫండ్‌లో పెడతారు.

మూడో తేదీ: రివైవల్‌కు చివరి గడువు

కట్టని తొలి ప్రీమియం తేదీ నుంచి ఐదేళ్ల వరకు పాలసీని పునరుద్ధరించుకోవచ్చు. యూలిప్‌లకు మూడేళ్లే. 2019లో నిబంధనలు మారకముందు తీసుకున్న పాలసీల్లో రెండేళ్ల గడువు ఉన్నవీ ఉన్నాయి కాబట్టి మీ పత్రంలో ఏముందో చూడాలి. మన ఉద్యోగికి 2029 జూన్ 10 వరకు అవకాశం ఉంది.

ఆయన 2025 డిసెంబరు 10న రివైవల్‌కు వెళ్లారనుకుందాం. అప్పటికి 2024, 2025 ప్రీమియంలు రెండూ బకాయి. అసలు రూ.లక్ష. వడ్డీ 9.5 శాతం చొప్పున, ఆరు నెలలకోసారి చక్రవడ్డీ వేశారనుకుంటే మొదటి ప్రీమియం మీద 18 నెలలకు సుమారు రూ.7,470, రెండో దాని మీద ఆరు నెలలకు రూ.2,375 అవుతుంది. మొత్తం దాదాపు రూ.1,09,845. ఈ రేటు లెక్క కోసం తీసుకున్నదే. మీకు వర్తించే రేటు సంస్థ ఇచ్చే రివైవల్ కొటేషన్‌లో ఉంటుంది.

డబ్బుతో పాటు ఆరోగ్య ప్రకటన ఇవ్వాలి. ఎల్ఐసీలో దీన్ని ఫారం 680 అంటారు. వయసు, బీమా మొత్తం, ఎంతకాలం ఆగిపోయిందన్నదాన్ని బట్టి వైద్య పరీక్షలు కూడా అడగొచ్చు. సాధారణంగా ఆ ఖర్చు మీదే. ఈ మధ్యలో మధుమేహమో, గుండె సమస్యో బయటపడితే సంస్థ అదనపు ప్రీమియం అడగొచ్చు, షరతులు మార్చొచ్చు, అసలు ఒప్పుకోకపోవచ్చు కూడా. రివైవల్ అంటే మీ ఆరోగ్యాన్ని సంస్థ మళ్లీ అంచనా వేసుకోవడమే.

ఎల్ఐసీ అప్పుడప్పుడు ప్రత్యేక రివైవల్ శిబిరాలు పెట్టి ఆలస్య రుసుములో రాయితీ ఇస్తుంటుంది. ఆ రాయితీ వైద్య పరీక్షలకు వర్తించదు.

నాలుగో తేదీ: ఆమోదం తెలిపిన రోజు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మీరు డబ్బు కట్టిన రోజున పాలసీ బతకదు. సంస్థ ఆమోదించి ఆ విషయం మీకు తెలిపినప్పుడే రక్షణ తిరిగి మొదలవుతుంది. అప్పటివరకు మీరు కట్టింది డిపాజిట్‌గా ఉంటుంది. రసీదు చేతిలో ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. 'పాలసీ రివైవ్ అయింది' అన్న లేఖ గానీ, మెసేజ్ గానీ తీసుకుని, పోర్టల్‌లో పాలసీ స్థితి చూసి నిర్ధారించుకోవాలి.

2021లో సుప్రీంకోర్టు తేల్చిన ఓ కేసు ఇందుకు ఉదాహరణ. ఎల్ఐసీ పాలసీదారు ఒకరు 2011 అక్టోబరులో కట్టాల్సిన ఆరు నెలల ప్రీమియం కట్టలేదు. 2012 మార్చి 6న ప్రమాదానికి గురయ్యారు. మార్చి 9న బకాయి కట్టారు. ప్రమాదం సంగతి సంస్థకు చెప్పలేదు. మార్చి 21న మరణించారు. ఎల్ఐసీ మామూలు బీమా మొత్తం రూ.3.75 లక్షలు ఇచ్చింది. ప్రమాద మరణానికి రావాల్సిన మరో రూ.3.75 లక్షలు ఇవ్వలేదు. ప్రమాదం జరిగిన రోజున పాలసీ అమల్లో లేదు కాబట్టి ఆ నిర్ణయం సరైనదేనని కోర్టు చెప్పింది.

రివైవల్‌తో మరో గడియారం కూడా మొదటి నుంచి తిరుగుతుంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం, మూడేళ్లు దాటిన పాలసీని 'ఆరోగ్య వివరాలు దాచారు' వంటి కారణాలతో సంస్థ ప్రశ్నించలేదు. ఆ మూడేళ్లను పాలసీ జారీ, రిస్క్ మొదలైన తేదీ, రివైవల్, రైడర్ చేర్చిన తేదీల్లో ఏది ఆఖరుదైతే దాని నుంచి లెక్కిస్తారు. మన ఉద్యోగికి ఈ రక్షణ 2023 జూన్‌లోనే వచ్చింది. 2025 డిసెంబరు 10నే ఆమోదం వచ్చినా, ఆయన మళ్లీ 2028 డిసెంబరు దాకా ఆగాలి. అందుకే ఆరోగ్య ప్రకటనను ఏజెంటుకు వదిలేసి సంతకం పెట్టడం ప్రమాదకరం. రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకుంటుంటే అదీ రాయాలి. నింపిన ఫారం కాపీ మీ దగ్గర ఉంచుకోవాలి. ఆత్మహత్య విషయంలో ఉండే 12 నెలల షరతు కూడా రివైవల్ తేదీ నుంచి మళ్లీ వర్తిస్తుంది.

ఇప్పుడు ఏం చేయాలి?

గ్రేస్ పీరియడ్ ఇంకా ఉంటే ఈరోజే కట్టండి. ఫారాలు, పరీక్షలు అవసరం లేదు. అది దాటితే ముందు సంస్థ శాఖ నుంచి గానీ, పోర్టల్ నుంచి గానీ రెండు లెక్కలు తీసుకోండి. ఒకటి రివైవల్ కొటేషన్, రెండోది పెయిడప్ విలువ. ఇల్లు మీ సంపాదన మీదే నడుస్తూ, వేరే టర్మ్ పాలసీ లేకపోతే రివైవల్ వైపే మొగ్గు ఉంటుంది. ఇప్పుడు ఆరోగ్య సమస్య ఉన్నవారికి కొత్త పాలసీ దొరకడం కష్టం కాబట్టి, పాతదాన్ని వదిలేసే ముందు రివైవల్‌కు దరఖాస్తు చేసి చూడాలి. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాల్లో గానీ, పాలసీపై రుణంతో గానీ రివైవల్ చేస్తారేమో అడగొచ్చు.

'మీ ల్యాప్స్ పాలసీ బోనస్ విడుదల చేస్తాం, ఇంత కట్టండి' అంటూ ఐఆర్‌డీఏఐ పేరుతో ఫోన్ వస్తే పెట్టేయండి. నియంత్రణ సంస్థ బోనస్‌లు ప్రకటించదు, పాలసీలు అమ్మదు. డబ్బు బీమా సంస్థ పోర్టల్‌లోనో, శాఖ కౌంటర్‌లోనో మాత్రమే కట్టాలి.

రివైవల్ లేదా క్లెయిమ్ విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తే ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తర్వాత ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' పోర్టల్‌లో గానీ, 155255 నంబరులో గానీ చెప్పొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దీనికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సంస్థ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.