బస్తా మీద పేరు పెద్దది, అంకెలు చిన్నవి

మొన్న వరి నాట్లప్పుడు మన సభ్యుడొకరు సికింద్రాబాద్‌లో ఉన్న మాకు ఒక మందు బస్తా ఫొటో పంపాడు. "డీఏపీ అయిపోయింది, ఇదీ అదే అంటున్నాడు డీలరు. ఎకరానికి ఒక బస్తా చాలా అన్నా?" అని అడిగాడు. ఫొటోలో కనబడిందల్లా 'భారత్ ఎన్‌పీకే' అన్న పెద్దక్షరాలే. అంకెలున్న చోటు దగ్గరగా తీసి పంపమన్నాం. అప్పుడు తేలింది, అది 20-20-0-13.

తప్పు ఆ రైతుది కాదు. 2022 అక్టోబరు నుంచి కేంద్రం 'ఒకే దేశం, ఒకే ఎరువు' అని బస్తా ముందు భాగంలో మూడింట రెండు వంతులు పథకం పేరుకూ గుర్తుకూ రాసిచ్చింది. కంపెనీ పేరు, మిగతా వివరాలు అన్నీ మిగిలిన వంతులో ఇరుక్కోవాలి. రైతుకు కావలసిన నాలుగు అంకెలు కూడా అక్కడే.

ఆ అంకెల వరస ఎప్పుడూ మారదు: నత్రజని, భాస్వరం, పొటాష్. నాలుగోది ఉంటే, ఈ రకంలో అది గంధకం. అవి నూటికి ఇన్ని పాళ్లని చెబుతాయి కాబట్టి 50 కిలోల బస్తాకు సగం లెక్క వేసుకోవాలి. డీఏపీ అంటే 18-46-0. బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. ఫొటోలోని బస్తాలో నత్రజని 10, భాస్వరం 10, గంధకం ఆరున్నర కిలోలు. పొటాష్ సున్నా.

వానాకాలం వరికి ఎకరాకు సుమారు 24 కిలోల భాస్వరం సిఫారసు. డీఏపీ అయితే ఒక బస్తాతో దాదాపు సరిపోతుంది. ఇది ఒక్కటే వేస్తే సగం కూడా అందదు. అట్లని ఇది చెడ్డ మందు కాదు, గంధకం తక్కువున్న నేలకు, వేరుశనగకు మేలే. అడుగు మందుగా రెండు బస్తాలు వేసి, నత్రజని ఎక్కువవుతుంది గనుక యూరియాలో అర బస్తా తగ్గించుకొమ్మన్నాం. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువని వస్తే రెండో బస్తా కూడా అక్కర్లేదు.

నష్టమంతా తర్వాత జరుగుతోంది. చిరుపొట్ట దశలో పై మందుగా కూడా ఇదే అంటగడుతున్నారు. పైన చల్లిన భాస్వరం మట్టి పైపొరలోనే పట్టుకుపోతుంది, ఆ పంటకు పెద్దగా దక్కదు. అప్పుడు వరి అడిగేది యూరియా, పొటాష్. ఈ బస్తాలో పొటాష్ చిటికెడు కూడా లేదు.

ఫొటో చెప్పేది బస్తా మీద రాసింది మాత్రమే. లోపలున్నది అదో కాదో నమూనా తీసి ల్యాబుకు పంపితేనే తెలుస్తుంది. అందుకే అంకెలతో పాటు బ్యాచ్ నంబరు, తయారీ నెల, బరువు, ధర ఉన్న వైపు కూడా ఫొటో తీయండి. బిల్లు మీద ఉత్త 'ఎన్‌పీకే' అని రాస్తే తీసుకోకండి, నాలుగు అంకెలూ రాయించండి.

అంకెలు బస్తా ముందు వైపున అరచేయంత, తెలుగులో ఉండాలని మనం అడుగుతున్నాం. పథకం గుర్తు వెనక్కి పోతే పోనీ.